ఒకే ఒక్క రింగు

ఆ షోరూములో వంటిళ్ళు అమ్ముతారు. గోడలకు బిగించే అరలు, తోస్తే చప్పుడు లేకుండా మూసుకునే సొరుగులు, పొగ పీల్చే గొట్టాలు అన్నీ మీ ఇంటి కొలతలకు కుదిర్చి ఇస్తారు. అక్కడ ఏళ్ళ తరబడి అమ్మకాలు చూస్తున్నావిడను అందరూ అక్క అంటారు. ఆమెకంటే వయసులో పెద్దవాడైన మేనేజరు కూడా మొహమాటం లేకుండా అక్కా అనే పిలుస్తాడు. అలాంటి మర్యాదైన పిలుపుకు ఒక సోమవారం పొద్దున ముందు వైపు తోక మొలిచింది.

ఆ రోజు మేనేజరు గోడ మీది టీవీలో కొత్త రిపోర్టు చూపించాడు. వెబ్‌సైటులో ఎవరైనా తమ పేరూ ఫోన్ నంబరూ నింపి బటను నొక్కగానే లోపల ఒక గడియారం మొదలవుతుంది. ఆ ఎంక్వైరీ ఎవరి వంతుకు వస్తే వాళ్ళు కంప్యూటరులోంచి ఆ నంబరుకు డయల్ చేస్తారు. డయల్ చేయగానే గడియారం ఆగుతుంది. మధ్యలో గడిచిన కాలం రెస్పాన్స్ టైమ్. ఎవరి సగటు ఎంతో ఒకరి కింద ఒకరిది వేసి, చురుగ్గా ఉన్నవాళ్ళకు పచ్చరంగు, ఆలస్యం చేసినవాళ్ళకు ఎరుపు పూస్తుంది కంప్యూటరు.

అన్నిటికంటే పైన పచ్చగా మెరుపు ఉన్నాడు. మాటలోనూ నడకలోనూ ఎక్కడా ఆగని కుర్రాడు కాబట్టి ఆ పేరు. అన్నిటికంటే అడుగున ఎర్రగా అక్క.

అక్క పద్ధతి వేరు. ముందు ఎంక్వైరీలో రాసింది చదువుతుంది. ఇంటి ప్లాను జతచేసి ఉంటే తెరిచి, కిటికీ ఎటుందో, సింకు ఎక్కడుందో చూస్తుంది. ఆ తర్వాతే ఫోన్. "సాయంత్రం ఆరు దాటాక చేయండి" అని రాసినవాళ్ళకు ఆరు దాటాకే చేస్తుంది. అవతలివాళ్ళు ఆగమన్నారని గడియారానికేం తెలుసు? దాని మానాన అది తిరిగింది. అక్క సెలవు రోజున ఆమె వంతుకు పడినవాటి గడియారాలైతే తెల్లవార్లూ తిరుగుతూనే ఉన్నాయి. అలాంటివి నాలుగు చాలు, నెలంతా పడ్డ కష్టం ఎర్రగా మారడానికి.

"ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు," అన్నాడు మేనేజరు.

మెరుపు కుర్చీ వెనక్కి వాల్చాడు. "అక్క ఫోన్ చేసేలోపు ఎంక్వైరీ పెట్టిన పెళ్ళికూతురికి పిల్లలు పుట్టి, వాళ్ళకి పెళ్ళిళ్ళయి, వాళ్ళే ఇంకో ఎంక్వైరీ పెడతారు సార్! ఈవిడ అక్కేంటి, నత్తక్క!"

గది గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది మేనేజరు. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంటూనే రెండు విషయాలు చెప్పాడు. ఆన్‌లైన్ టీమ్ లీడరు కుర్చీ మెరుపుకి. షోరూము యజమానురాలు ఏడాదిగా అక్కకే ఇస్తానంటూ వచ్చిన కుర్చీ అది. రెండోది, అక్కకు ఇక ఆన్‌లైన్ ఎంక్వైరీలు రావు. ముందు కౌంటరులో కూర్చుని, నడిచి వచ్చినవాళ్ళకు సొరుగులు తెరిచి చూపించడమే పని.

"అక్కడైతే నిదానంగా ఉండొచ్చు కదక్కా," అన్నాడు మెరుపు, ఎంతో దయగా.

అక్క నవ్వింది. ఆ నవ్వు చూస్తే భయపడాలని తెలిసిన మనిషి లోకంలో ఒక్కరే. ఆవిడ అత్తగారు.

"ఏమైందమ్మాయ్? ఆ నవ్వేమిటి? ఎవరి కొంప ముంచబోతున్నావ్?" అంది అత్తగారు సాయంత్రం గుమ్మంలోనే.

"ఇంకా తెలీదత్తయ్యా. వాడి కొంపకు దారి వెతుకుతున్నా."

దారి కౌంటరు మీదే ఉంది. ల్యాండ్‌లైను ఫోను రూపంలో.

ఆఫీసులో ఎవరు డయల్ చేసినా అవతలివాళ్ళకు కనిపించేది ఒకే నంబరు. వాళ్ళు తిరిగి చేస్తే మోగేది కౌంటరులో. మొదటి వారంలోనే ఆ ఫోను ఒకే పాట పాడడం మొదలుపెట్టింది. "ఈ నంబరు నుంచి మిస్డ్ కాల్ వచ్చిందండీ, ఎవరు మీరు?" వంటింటి కోసం ఎంక్వైరీ పెట్టారా అని అక్క అడిగితే, అవునంటారు. ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే, మోగితేగా అంటారు.

అనుమానం ఉంటే సరిపోదు, రుజువు కావాలి. ఆ ఆదివారం తనకు సెలవు కావడంతో, ఇంటి నుంచి ఒక ఎంక్వైరీ పెట్టమని అత్తగారిని అడిగింది. అత్తగారికి ఇలాంటి పనులంటే పండగే. కళ్ళజోడు పెట్టుకుని ఫారమంతా తానే నింపింది. 'మీకు ఎలాంటి వంటిల్లు కావాలి' అన్నచోట 'అత్తాకోడళ్ళు ఒకేసారి నిలబడినా కొట్టుకోకుండా ఉండేది' అని రాసి, బటను నొక్కి, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఫోను ఒక్కసారి మోగింది. ఆవిడ వేలు బటను మీదికి వెళ్ళేలోపు ఆగిపోయింది.

"అదేంటే, కొట్టి పారిపోయాడు?"

ఇంకో గంట కూర్చున్నారు. మళ్ళీ మోగలేదు. మర్నాడు కంప్యూటరులో ఆ ఎంక్వైరీ ఎదుట మెరుపు పేరూ పచ్చరంగూ ఉన్నాయి. స్థితి: కస్టమరును సంప్రదించాం, ఎత్తలేదు.

గుట్టు తెలిసిపోయింది. ఎంక్వైరీ వస్తూనే డయల్ చేసి, ఒక్క రింగు కాగానే కట్ చేసేస్తే గడియారం ఆగిపోతుంది. అది డయల్ చూస్తుంది కానీ మాట వినదు. తీరిక దొరికినప్పుడు, పెద్ద ఇల్లులా కనిపించినవాళ్ళకు మాత్రం మెరుపు మళ్ళీ చేసేవాడు. మిగతావాళ్ళు గాలికే.

"రేపే వెళ్ళి మీ మేడమ్‌తో చెప్పు," అంది అత్తగారు.

"చెప్తే ఏమవుతుంది? పొరపాటైంది మేడమ్ అంటాడు. మేనేజరు వెనకేసుకొస్తాడు. ఏడుపుగొట్టు మొహంది చాడీలు చెప్పిందంటారు. కుర్చీ వాడికే ఉంటుంది."

"మరి?"

"మునగచెట్టు ఎక్కిస్తా."

అత్తగారు కోడలి వైపు కొంచెం గర్వంగా చూసింది. ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో నెగ్గుకొచ్చిన ప్రత్యర్థి మరి.

తర్వాతి మీటింగులో యజమానురాలు కూడా కూర్చుంది. మెరుపు పేరు మళ్ళీ పైన పచ్చగా వెలుగుతోంది. అక్క చెయ్యి ఎత్తింది.

"మేడమ్, నాకు కుళ్ళని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, ఉన్నమాట చెప్తా. తమ్ముడిలా ఫోన్ చెయ్యడం మా ఎవరివల్లా కాదు. అలాంటప్పుడు ఎంక్వైరీలు అందరికీ పంచడం దేనికి? అన్నీ తమ్ముడికే ఇవ్వండి. కస్టమరు నిమిషం కూడా ఆగక్కర్లేదు."

మేనేజరు మొహం వెలిగింది. మెరుపు మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. కానీ ఇంతమందిలో, యజమానురాలి ముందు, వద్దని ఎలా అంటాడు? ఎందుకు వద్దో ఏమని చెబుతాడు?

"థాంక్యూ అక్కా," అన్నాడు. "నీ మనసు పెద్దది."

"అదేం లేదు తమ్ముడూ. ఎక్కు, ఇంకా పైకెక్కు."

ఆ నెలంతా ఎంక్వైరీలు వర్షంలా కురిశాయి. అన్నీ ఒక్కడి నెత్తి మీద. ఇదివరకు నలుగురు పంచుకున్నవాటిని మెరుపు ఒక్కో రింగుతో కొట్టి పడేస్తున్నాడు. పెద్ద ఇళ్ళవాళ్ళకు కూడా మళ్ళీ ఫోన్ చేసి మాట్లాడే తీరిక లేదిప్పుడు. భోజనం చేస్తూ ఎడమచేత్తో డయల్ చేస్తాడు, కట్ చేస్తాడు. సగటు ఎంత పడిపోయిందంటే, యజమానురాలు ముచ్చటపడి 'నిమిషంలోపే మీకు ఫోన్' అని షోరూము అద్దం మీద అక్షరాలు అంటించింది.

కౌంటరు ఫోను మోగుతూనే ఉంది. తిరిగి చేసినవాళ్ళతో అక్క తన పద్ధతిలో కిటికీ ఎటుందో కనుక్కుంటూ మాట్లాడింది, రమ్మంది, సొరుగులు తెరిచి చూపించింది, ఆర్డర్లు రాసింది. తిరిగి చేయనివాళ్ళు వేరే షోరూములకు పోయారు. పోతున్నారని ఆమెకు తెలుసు. ఒకట్రెండు సార్లు మనసు పీకింది. నత్తక్కా, టీ తాగుతావా అని ఎవరో పిలిచారు. పీకడం ఆగింది.

నెలాఖరు మీటింగులో పచ్చరంగు పక్కన అమ్మకాల లెక్క కూడా పెట్టమంది యజమానురాలు. ఆన్‌లైన్ ఆర్డర్లు సగానికి పడిపోయాయి. కౌంటరు ఆర్డర్లు మాత్రం పెరిగాయి.

"ఇంత తొందరగా ఫోన్ చేస్తుంటే జనం ఎందుకు కొనడం లేదు?" అంది ఆవిడ.

"మార్కెట్టు డల్‌గా ఉంది మేడమ్," అన్నాడు మేనేజరు.

"మార్కెట్టు కౌంటరు దగ్గర డల్‌గా లేదే?"

అక్క గొంతు సవరించుకుంది. పాలలో పంచదార వేసినట్టుగా మాట్లాడింది.

"మేడమ్, ఫోన్ సిస్టమ్‌లో ఎవరు ఎంతసేపు మాట్లాడారో కూడా ఉంటుందట కదా. తమ్ముడు కస్టమరుతో ఎలా మాట్లాడతాడో మేమూ నేర్చుకుంటాం. ఆ వరుస కూడా పక్కన పెట్టి చూపిస్తారా?"

"అవన్నీ ఇప్పుడెందుకక్కా," అన్నాడు మెరుపు.

"సిగ్గెందుకు తమ్ముడూ?"

కంప్యూటరు చూసే ఆయన రెండు నొక్కులు నొక్కాడు. రెస్పాన్స్ టైమ్ పక్కన 'మాట్లాడిన సమయం' అని కొత్త వరుస వచ్చి నిలబడింది. సున్నా. దాని కింద సున్నా. ఆయన కిందికి జరుపుతూ పోయాడు. సున్నా, సున్నా, సున్నా. అక్కడక్కడా రెండు మూడు నిమిషాలు తగిలినా, మళ్ళీ సున్నాల దండే. గదిలో ఎవరూ గొల్లుమనలేదు.

"వాళ్ళు ఎత్తలేదు మేడమ్," అన్నాడు మెరుపు.

"ఎన్ని రింగులకు?" అంది ఆవిడ.

అది కూడా ఆ సిస్టమ్‌లో ఉంది.

యజమానురాలు అక్కను తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. "నీకు ఇది ఎప్పుడు తెలిసింది?"

"రిపోర్టులో లేనిది నాకెలా తెలుస్తుంది మేడమ్? నిజం రిపోర్టులోనే ఉంటుందని మేనేజరుగారు కూర్చోబెట్టి నేర్పారు."

ఆవిడ చాలాసేపు అక్క మొహంలోకి చూసింది. నెల రోజుల ఆర్డర్లు తన కళ్ళ ముందే పోయాయని ఆవిడకు అర్థమైంది. పోనిచ్చిందెవరో కూడా అర్థమైంది. కానీ ఆ నెలలో వచ్చిన ఆర్డర్లు రాసింది కూడా ఈ చెయ్యే.

"నువ్వు చాలా నిదానం మనిషివి," అంది చివరికి.

"అవును మేడమ్."

కుర్చీ అక్కకు వచ్చింది. గడియారం పద్ధతి మారింది. డయల్ చేస్తే కాదు, మనిషితో మాట్లాడితేనే ఆగుతుంది. ఫలానా వేళకు చేయమన్నవాళ్ళ గడియారం ఆ వేళ నుంచే మొదలవుతుంది. నవ్విన మేనేజరు సంగతి వచ్చే నెల చూసుకోవచ్చని అక్క వాయిదా వేసుకుంది.

మెరుపుని మాత్రం పంపించేద్దామంది యజమానురాలు. అక్క అడ్డుపడింది.

"పాపం, ఉద్యోగం తియ్యకండి మేడమ్. నాకు అప్పగించండి."

ఉద్యోగం పోతే ఏముంది? సాయంత్రానికి ఇంకో షోరూములో ఇంకో పచ్చరంగు కింద కూర్చుంటాడు. అంత తేలిగ్గా పోనిస్తుందా? కుర్చీ తెచ్చి తన పక్కనే వేసింది. సున్నాలున్న పేర్లన్నీ ముందు పెట్టింది.

"ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చెయ్యి. నువ్వెవరో చెప్పు, ఆ రోజు ఒక్క రింగుకే కట్ చేసింది నువ్వేనని చెప్పు, క్షమించమను. వంటిల్లు ఇంకా కావాలేమో అడుగు."

"అందరికీనా అక్కా?"

"అందరికీ."

"ఎత్తకపోతే?"

"మళ్ళీ చెయ్యి. పూర్తిగా మోగనివ్వు."

మొదటాయన వినీ వినకుండానే తిట్టాడు. రెండో ఆవిడ తిట్టలేదు, తన ఇంటి గోడల కథంతా చెప్పింది. మూడో ఆవిడ వేరే షోరూములో కొన్న వంటింటి గొప్పలు చెప్పింది, పొడుగ్గా, అర అరకూ ఆగుతూ. మెరుపు చెవి ఎర్రబడింది. అక్క ఎదుట కంప్యూటరులో మాట్లాడిన సమయం నిమిషం నిమిషానికీ పెరుగుతూ పోయింది. ఇంత అందమైన అంకెలు ఆమె ఇదివరకెప్పుడూ చూడలేదు.

షోరూము మూసే వేళయింది. ఒక్కొక్కరే దీపాలు ఆర్పుతున్నారు. మెరుపు రిసీవరు చేత్తో మూసి బతిమాలుతూ చూశాడు.

"అక్కా, వాళ్ళాయన్ని పిలుస్తానని ఆగమంది. ఆయన ఏదో స్నానంలో ఉన్నాడట. పెట్టెయ్యనా?"

అక్క భుజానికి తగిలించుకున్న సంచీ తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

"ఆగు తమ్ముడూ. నాకేం తొందర లేదు."