పెంకు దాటిన వాసన

రెండో కెరటం కరోనా రాయ్‌పూర్‌ని ఊపేసిన ఎండాకాలంలో రాజశ్రీకి జ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ ముక్కుని కూడా పట్టుకుపోయింది. వర్షాలు పడ్డాయి, వాళ్ళుండే మోవా కాలనీలో రోడ్ల మీద గుంతలు నిండాయి, ఆమెకి మాత్రం తడిసిన మట్టి వాసన లేదు, కాఫీ వాసన లేదు. నాలిక మీద తీపి తెలుస్తుంది, ఉప్పు తెలుస్తుంది, అంతే. డాక్టరు "టైమ్ పడుతుంది" అన్నాడు. ఎంత టైమో ఆయనకీ తెలియదు.

ఇంకెవరికైనా అయితే సర్దుకుపోయేవారేమో. రాజశ్రీ ఇంట్లో కేకులు చేసి అమ్ముతుంది. భర్త వీరేంద్ర సిల్తారాలో స్టీలు ప్లాంటుకి షిఫ్టులకి వెళ్తాడు. ఆ ఖాళీలో మొదలుపెట్టిన పని ఆమెకి పేరు తెచ్చింది. కాలనీలో ఎవరి పుట్టినరోజైనా ముందు ఆమెకే ఫోన్ వచ్చేది. ముక్కు పోయాక కూడా కొలతల్ని నమ్ముకుని, గడియారం చూసుకుని చేస్తూ వచ్చింది. ఆ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు.

అత్తగారు రమణమ్మ ఆ వేసవి చివర్లోనే వీళ్ళింటికి వచ్చి చేరింది. మామగారు రైల్వేలో చేసి రిటైరై, ఆ మధ్యే కాలం చేశారు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, రెండు ట్రంకుపెట్టెలతో వచ్చిన మనిషి, వచ్చిన రోజు నుంచీ చుట్టంలాగే మసిలింది. టీవీ పెట్టమని అడగదు. కూర బాగుందనీ బాగాలేదనీ అనదు. ఒక్కసారి మాత్రం అడిగింది: "ఫ్రిజ్జిలో కాస్త చోటుంటే, అమ్మా, నా రొయ్యపొట్టు పెట్టుకుంటాను. వానలకి మెత్తబడిపోతంది."

ఆవిడ తమ్ముడు సూర్యారావు విశాఖ నుంచి రైల్లో వచ్చినప్పుడల్లా ఎండు రొయ్యలు తెచ్చేవాడు. పాలిథిన్ కవరు మూతి ముడివేసి, తలుపు పక్కనున్న అరలో పెట్టుకుంది. రాజశ్రీ సరేనంది. వాసన తెలిసే ముక్కైతే ఆ క్షణంలోనే ఇంకో మాట అనేదేమో.

ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం వెనక వీధి ప్రీతి స్టీలు డబ్బా పట్టుకుని వచ్చింది. అంతకు ముందురోజే ఆమె కూతురి పుట్టినరోజుకి రాజశ్రీ వెనిలా కేకు చేసి ఇచ్చింది. క్రీము, రంగులు ఏమీ లేని సాదా స్పాంజి. ఆ పిల్లకి అదే ఇష్టం.

ప్రీతి డబ్బా బల్ల మీద పెట్టింది.

"అక్కా, కోపం చేసుకోకు. బయట ఇంకెవరో చెప్పేకన్నా నేనే చెప్తే నయం కదా అని వచ్చాను."

"చెప్పు."

"కేకు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. తింటుంటే... పాప రెండో ముక్క పెట్టగానే, 'మమ్మీ, మఛ్లీ జైసా' అంటూ, చేపలా ఉందని ముక్కు మూసుకుంది. మా అత్తగారికీ అలాగే అనిపించిందట. ఒకసారి నువ్వే చూడు."

రాజశ్రీ మూత తీసి ముక్క తుంచి నోట్లో వేసుకుంది. తీపి. మెత్తదనం. వెన్న జిడ్డు. అంతకు మించి ఏమీ లేదు. మొహంలో ఏ భావం చూపించాలో తెలియక, "అయ్యో" అని మాత్రం అంది. ఇంకో కేకు చేసిస్తానంది. ప్రీతి, "దానికోసం రాలేదక్కా" అని చేయి నొక్కి వెళ్ళిపోయింది.

తలుపు వేసి వచ్చి రాజశ్రీ వంటింట్లో నేల మీద కూర్చుంది. ఓవెన్ వైపు చూసింది. చెవిటివాడు పాట నేర్పినట్టుంది తన పని. ఇక చాలు, ఆర్డర్లు తీసుకోవద్దు అనుకుంది. అనుకోగానే ఏడుపొచ్చింది. చప్పుడు కాకుండా ఏడుద్దామనుకుంది గానీ పక్క గది తలుపు తెరిచే ఉంది.

రమణమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏటైందమ్మా?"

"ఏం లేదత్తమ్మా."

"ఏం లేకపోతే నేల మీద కూకుంటారేటి?"

దాచి లాభం లేదనిపించింది. చెప్పేసింది. వాసన ఇంకా తెలియడం లేదని, తెలుస్తోందని ఇంట్లో అందరితో అబద్ధం చెప్పానని, పిల్ల ముక్కు మూసుకుందని. షుగరు వల్ల కేకు జోలికి పోని రమణమ్మ, డబ్బాలోంచి చిటికెడు తుంచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలింది.

"నిజమేనమ్మా. ఉంది. లే. నీ ముక్కు పనిచేయకపోతే నాది ఉంది కదా. ఏవేవి వేశావో ఒక్కోటీ తే."

మైదా వాసన చూసింది, బాగుంది. పంచదార, వెనిలా, మూత డబ్బాలో ఉన్న వెన్న, అన్నీ బాగున్నాయి. మిగిలినవి గుడ్లు. ఫ్రిజ్ తలుపుకున్న గుంటల్లో వరసగా, తెల్లగా మెరుస్తూ ఉన్నాయి.

"ఇవి పాడయ్యాయేమో?" అంది రాజశ్రీ. గిన్నెడు నీళ్ళలో వేసి చూసింది. అన్నీ అడుగుకి పోయి అడ్డంగా పడుకున్నాయి. తాజావే. పాతబడితే లోపల గాలి పెరిగి నిక్కుతాయి, తేలతాయి. "మంచివేనత్తమ్మా."

"మంచివే. ఉడకబెట్టు చూద్దాం. వేడికి వాసన దాగదు."

సన్నని సెగ మీద నీళ్ళు కాగాయి. రాజశ్రీ ఒక గుడ్డు గరిటెతో మెల్లిగా దింపింది. దించీ దించగానే వెడల్పు వైపు నుంచి సన్నని బుడగలు, ముత్యాల సరంలా, ఒకదాని వెనక ఒకటి పైకి లేచాయి.

రమణమ్మ వంగి చూసింది. "పగల్లేదు కదా. ఊపిరి తీస్తందేటి ఇది?"

"ఆ వైపు లోపల చిన్న గాలి గది ఉంటుందత్తమ్మా. వేడికి ఆ గాలి ఉబ్బి బయటికొస్తుంది. పెంకుకి..." రాజశ్రీ మాట సగంలో ఆగింది. కాలేజీలో హోమ్ సైన్స్ చదివిన పాఠం, ఎప్పుడో పరీక్ష రాసి వదిలేసింది, ఆ బుడగల్తో పాటు పైకి తేలింది. "పెంకు నిండా కంటికి కనపడని కన్నాలుంటాయి. వేలల్లో. లోపల పిల్ల పెరిగితే దానికి గాలి అందాలి కదా. గుడ్డులో తడి రోజురోజుకీ వాటిలోంచే పోతుంది, ఆ చోటుకి బయటి గాలి చేరుతుంది."

"మరి గాలి లోపలికి పోతే, గాలితో పాటు వాసన కూడా..."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

గుడ్డు ఉడికాక రమణమ్మ వేడివేడిగా ఒలిచి రెండుగా చీల్చింది. పచ్చసొన దగ్గర ముక్కు పెట్టింది. మొహం మారిపోయింది. చేతిలో గుడ్డు పళ్ళెంలో పెట్టి, ఫ్రిజ్ తెరిచింది. ముడివేసిన ఆ కవరు తీసింది. గుడ్ల గుంటలకి జానెడు దూరంలో ఉంది అది.

"నాదే," అంది మెల్లగా. "రొయ్య వాసన. పులుసులో ఎన్నిసార్లు తిన్నాను ఈ గుడ్లు! చింతపండులో, మసాలాలో తెలీలేదు. మా అబ్బాయి ఆమ్లెట్లో ఉల్లిపాయ దంచి కొడతాడు. సాదా కేకులో బయటపడింది." కవరు పట్టుకుని చెత్తబుట్ట వైపు నడిచింది. "పరాయింట్లో నా నోటి రుచే ఎక్కువైపోయింది."

పరాయింట్లో. ఆ మాట రాజశ్రీ చెవిలో సూదిలా దిగింది. ఇన్నాళ్ళలో ఈ మనిషి నోరు తెరిచి అడిగింది ఒక్క అర. దాన్నీ అద్దెకి తీసుకున్నట్టు తీసుకుంది. రాజశ్రీ అడ్డం వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"ఆగండత్తమ్మా. మీ తప్పు సగమే. మిగతా సగం నాది."

"నీదేటి?"

"కరోనా వచ్చినప్పటి నుంచి కొట్టు నుంచి తెచ్చిన ప్రతీదీ సబ్బు నీళ్ళతో కడుగుతున్నాను కదా. గుడ్లు కూడా. గుడ్డు పెట్టేటప్పుడే కోడి దానికి పైన పల్చని పూత ఇస్తుంది, ఆ కన్నాలు మూసేలా. నేను తళతళలాడేట్టు కడిగి ఆ పూతంతా పోగొట్టాను. తలుపులు బార్లా తీసి పెట్టింది నేను. పచ్చసొనలో కొవ్వుంటుంది, వచ్చిన వాసనని అది పట్టి ఉంచుకుంటుంది. మీ రొయ్యలేం చేస్తాయి, పాపం, వాటి వాసన అవి వేశాయి."

రమణమ్మకి నవ్వు రాబోయి ఆగింది. కళ్ళు చెమ్మగిల్లాయి. "పాపం రొయ్యలట," అంది.

"ఇది పరాయిల్లని ఇంకెప్పుడూ అనకండి. కవరు ఇలా ఇవ్వండి."

బిగుతు మూతున్న గాజు సీసా కడిగి, తడి లేకుండా తుడిచి, రొయ్యలు అందులోకి ఒంపింది రాజశ్రీ. మూత బిగించి కింది అరలో ఒక మూలకి పెట్టింది. రమణమ్మ తలుపు గుంటల్ని వంటసోడా కలిపిన నీళ్ళతో తుడిచింది. కొత్త గుడ్లు తెచ్చాక, మట్టి అంటినవాటిని పొడిగుడ్డతో తుడిచి, కడగకుండా, మూతున్న డబ్బాలో మొన వైపు కిందికి ఉండేలా పేర్చారు. గాలి గది పైకే ఉంటే పచ్చసొన మధ్యలో కదలకుండా ఉంటుంది. డబ్బాని మధ్య అరలో బాగా లోపలికి నెట్టారు.

షిఫ్టు నుంచి వచ్చిన వీరేంద్ర అలవాటుగా ఫ్రిజ్ తలుపు తీసి, ఖాళీ గుంటలు చూసి, "అండే కహాఁ హైఁ?" అని గుడ్ల కోసం వెతికాడు.

"ఇక తలుపులో ఉండవు," అంది తల్లి. "చల్లనీళ్ళకని నువ్వు రోజంతా ఆ తలుపు తీసి వేస్తావు. తీసినప్పుడల్లా వేడిగాలి తగిలి, అదిరి అవి పాడవుతాయి. లోపల చల్లదనం మారదు. ముందు తలుపు వెయ్యి."

వీరేంద్ర తలుపు వేసి, భార్య వైపు చూశాడు. అమ్మ ఈ ఇంట్లో తనని కసురుకోవడం ఇదే మొదటిసారి. రాజశ్రీ నవ్వుతోంది.

వాసన పట్టిన పాత గుడ్లు పారేయలేదు. మర్నాడు వంకాయల్లో రొయ్యపొట్టు వేసి, ఆ గుడ్లే ఉడకబెట్టి కలిపి కూర వండింది రమణమ్మ. ఎవరి వాసన ఎవరికి పట్టినా అందులో ఫిర్యాదు లేదు.

ప్రీతి వద్దన్నా ఆ శనివారం మళ్ళీ కేకు కలిపారు. రాజశ్రీ ఒక్కో గుడ్డూ చిన్న గిన్నెలోకి కొట్టింది. రమణమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని, "ఊఁ, పొయ్" అన్నాకే పిండిలో కలిపింది. ఓవెన్ పెట్టాక రాజశ్రీ గడియారం చూడబోతే, రమణమ్మ స్టూలు లాక్కుని ఓవెన్ ముందు కూర్చుంది.

"గడియారం నీకెందుకు, నేను చెప్తాను. ఇప్పుడింకా పచ్చిపిండే... ఆఁ, వెన్న కరిగింది, పాలు మరుగుతున్నట్టుంది... ఇప్పుడు నీ వెనిలా లేచిందమ్మా, గదంతా. రంగు పట్టడం మొదలైంది, అంచుల దగ్గర పంచదార మాడబోతున్న వాసన, మాడలేదు, మాడబోతుంది... చాలు, తియ్యి."

తీసింది. బంగారు రంగులో, మధ్యలో చిన్న పొంగుతో ఉంది. రాజశ్రీకి ఏ వాసనా రాలేదు. అయినా రమణమ్మ చెప్పిన ప్రతి మాటా ఆమెకి లోపలెక్కడో తెలిసింది. గిన్నె బల్ల మీద పెట్టి, అత్తగారి భుజానికి తల ఆనించింది.

"ఇంకోసారి చెప్పండి," అంది. "పాలు మరుగుతున్నట్టు ఉందన్నారే, అక్కడి నుంచి."