దిండు దులిపే చేతులు

ఎలిశిబమ్మ ఇంట్లోకి చీమైనా కాళ్లు కడుక్కునే రావాలని మెదక్‌లో ఆమె వాడకట్టంతా నవ్వుకునేది. ముప్పై ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా చేసిన మనిషి. ఉద్యోగం వదిలినా మేట్రన్‌గిరీ వదల్లేదు. తెల్లవారి ప్రార్థన కాగానే మనవరాలు నవోమిని లేపి, ఆ పిల్ల కళ్లు నులుముకుంటూ ఉండగానే దిండ్లూ పరుపూ రెండు చేతులా దబదబా బాదేది. కిటికీలు మాత్రం తీయనిచ్చేది కాదు, రోడ్డు దుమ్ము వస్తుందని.

అంత శుభ్రమైన ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్లకు పిల్లికూతలు ఎందుకొస్తున్నాయి? ఎలిశిబమ్మకు ఒకటే జవాబు తట్టింది. వెనక గదిలో కిరాయికుండే ఐలమ్మ కోళ్లు. ఉన్నవి నాలుగు. గుడ్లమ్ముకునే ఐలమ్మ రోజూ ఒకటి ఉడకబెట్టి నవోమి చేతిలో పెట్టేది. వానాకాలంలో ఒకనాడు పిల్లకు ఆయాసం ఎక్కువైతే, ఎలిశిబమ్మ వాకిట్లోకొచ్చి పదిమంది వినేట్టుగా అనేసింది.

"నీ గలీజు కోళ్లతోని నా పిల్ల పానం తీస్తున్నవ్. సాఫ్‌గ ఉండుడు తెలువనోళ్లకు గది ఇచ్చుడే నా తప్పు."

ఐలమ్మ వారం తిరక్కుండానే కోళ్లమ్మేసి, గది ఖాళీ చేసి, రామాయంపేటలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది.

కోళ్లు పోయాయి గానీ ఆయాసం పోలేదు. చివరికి, శనివారాలు ఊళ్లోకి వచ్చే ఎలర్జీ డాక్టరు దగ్గరికి ఎలిశిబమ్మే పిల్లను తీసుకెళ్లింది. ఆయన ఏది పడట్లేదో తేల్చడానికి నవోమి ముంజేతి మీద ఒక్కో వస్తువు సారంతో ఒక్కో చుక్క వరుసగా వేసి, ఒక్కోదాంట్లో సన్నగా గుచ్చి, పావుగంట కూర్చోబెట్టాడు. ఒక చుక్క దగ్గర పెద్ద దద్దు లేచింది. ఇంకోచోట చిన్నది.

"కోడి ఈకది ఏది సార్?" ఆత్రంగా అడిగింది ఎలిశిబమ్మ.

"ఇగో, ఇక్కడేం లేవలేదు. దానితోని పిల్లకు ఎలర్జీ లేదమ్మా."

ఆయన పెద్ద దద్దు చూపించాడు. "ఇది ఇంటి దుమ్ముల ఉండే మైట్‌ది. కంటికి కనబడదు, సాలెపురుగు జాతి. మన ఒంటి నుంచి రాలే పొట్టు తింటది. నీళ్లు తాగది, గాలిల తేమనే గుంజుకుంటది. పరుపు, దిండే దాని ఇల్లు. అది కరవదు. దాని పెంటికలు ఊపిరిలకు పోతేనే ఈ ఆయాసం. ఈ చిన్న దద్దు బియ్యం, పిండిల పెరిగే ఇంకో రకానిది. పిల్ల పండుకునే గదిల బస్తాలున్నయా?"

ఉన్నాయి. శంకరంపేట పొలం నుంచి వచ్చిన రెండు బస్తాలు పిల్ల మంచం కిందే, చెమ్మ గోడకు ఆనుకుని ఉన్నాయి.

"మా బియ్యంల ఒక్క పురుగు లేదు సార్."

"ముక్కపురుగు కాదమ్మా, కనబడనివి. తేమ తగిలితే లెక్కలేనన్ని అయితయ్. పరుపు దులుపుతుంటరా?"

ఎలిశిబమ్మ నోరు తెరిచేలోపే నవోమి గొప్పగా చెప్పింది. "మా నాయినమ్మ రోజు దులుపుతది సార్. అప్పుడే నాకు తుమ్ములొస్తయ్."

"దులిపితే అదంతా గాలిల కలుస్తది. పిల్ల ఉన్నప్పుడు అసలే వద్దు," అన్నాడాయన తలెత్తకుండా రాస్తూ.

ఎలిశిబమ్మకు నేల చీలితే బాగుండుననిపించింది. పరుపుకూ దిండుకూ జిప్పు తొడుగులు, వారానికోసారి చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో దుప్పట్లు, చీపురు బదులు తడిబట్ట, పొడివేళ కిటికీలు బార్లా, బియ్యం బిగుతు మూత డబ్బాల్లో వేరే గదిలో. ఆయన చెబుతుంటే తలూపుతూనే ఉంది.

"మొత్తం పోవు, తగ్గుతయ్. పీల్చే మందు ఆపకుండ్రి. ఇంకోటి, ఇది గలీజు ఇండ్ల రోగం కాదు. ఎంత సాఫ్ ఇంట్లనైనా ఉంటయ్," అన్నాడు ఆయన, ఓదార్పుగా.

ఆ మాట ఆమెను ఓదార్చలేదు. గలీజు అన్నది ఎవరు మరి?

అన్నీ చేసింది. రెండు నెలలకు పిల్లికూతలు బాగా తగ్గాయి. పిల్ల హాయిగా నిద్రలేచిన ప్రతి ఉదయమూ ఆమెకు సిగ్గు ముంచుకొచ్చేది. ఎంతోమంది పిల్లలతో తప్పు ఒప్పించిన నోటికి తన తప్పు చెప్పడం రాలేదు. రేపు మాపు అంటూ మూడు ఆదివారాలు గడిపింది. నాలుగో ఆదివారం చర్చి నుంచి నేరుగా నవోమిని వెంటబెట్టుకుని రామాయంపేట బస్సెక్కింది.

ఐలమ్మ తమ్ముడి వాకిట్లో చాట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. ఆమెను చూడగానే నవోమి ఉరికింది. ఐలమ్మ చాట పడేసి గబగబా వెనక్కి జరిగింది.

"ఆడనే ఉండు బిడ్డా, నా దగ్గరకు రాకు. ఈడ గూడ కోళ్లున్నయ్, వాటిని ముట్టిన ఒళ్లు. మళ్ల ఆయాసమొస్తది."

"నీ కోళ్లది ఏం లేదు ఐలమ్మా," అంది ఎలిశిబమ్మ. చుట్టుపక్కల వాకిళ్లలో మనుషులున్నారు. వాళ్లకు వినబడేట్టే చెప్పింది. "తప్పంత నాది. నా పరుపుల ఉన్నది, నా బియ్యంల ఉన్నది. నా చేతులతోనే దులిపి పిల్ల ముక్కుల పోసిన. నిన్ను ఊకెనే అన్న."

ఐలమ్మ నమ్మినట్టు లేదు. పెద్దమనిషి తన మనసు కుదుట పరచడానికి అంటోందనుకుంది.

"గట్ల అనకుండ్రి మేట్రనమ్మా. నాది గలీజే కావచ్చు, నాకేం తెలుసు," అంటూ తొట్టి దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది. కడుక్కుంది. వాసన చూసుకుని మళ్లీ రుద్దుకుంది. పిల్లను ముట్టుకోవచ్చా అన్నట్టు ఎలిశిబమ్మ ముఖంలోకి చూసింది.