సాయంత్రం పరుగు

కాశీబుగ్గలో ఉండే స్తుతి కానిస్టేబుల్ పరుగు పరీక్ష కోసం రోజూ తెల్లవారుజామున ఐదింటికి పరుగెత్తేది. మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు పూర్తిచేయాలి, కానీ రెండో రౌండుకే దగ్గు వచ్చేది. ఉబ్బసం ఉన్న తనకు ఈ ఉద్యోగం రాదేమోనని దిగులుపడింది.

తండ్రి జయకర్ వారంపాటు రోజూ ఉదయం, సాయంత్రం ఐదింటికి గాలి నాణ్యత యాప్ స్క్రీన్‌షాట్లు తీసి, ఆదివారం చూపించాడు.

"సూడమ్మా, అంకె పెరిగితే గాలి సెడ్డది. పొద్దున్న ఏ రోజూ నూట నలభైకి తగ్గలేదు. గాలి కదలక పొగ కిందే ఉండిపోతాది. సాయంత్రం సముద్రం గాలి తోసేత్తాది, డెబ్బై లోపే."

"శుక్రవారం సాయంత్రం నూట పది ఉందేటి నాన్నా?"

"అందుకే బయల్దేరేముందు సూసుకోవాల."

సోమవారం సాయంత్రం అంకె అరవై రెండు. ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని స్తుతి నాలుగు రౌండ్లూ దగ్గకుండా పూర్తిచేసింది. ఇన్నాళ్లూ తన ఊపిరితిత్తులనే తిట్టుకున్నందుకు ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.