రెండు కొనలూ ఒకే స్విచ్‌లో

రంజిత్ హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాడు. వారంలో నాలుగు రోజులు నెల్లికుదురులోని సొంతింటి నుంచే పని. ఇంట్లోని నెట్ వైర్లన్నీ తనే పరిచాడు. హాల్లో రౌటర్, దాని పక్కన, వచ్చిన నెట్‌ను అన్ని వైర్లకూ పంచే ఎనిమిది రంధ్రాల స్విచ్ పెట్టె. అక్కడి నుంచి మేడ మీద గదికి, టీవీకి, గోదాము కెమెరాలకు వైర్లు పోతాయి.

ఆ రోజు పది గంటలకు మీటింగు ఉంది. అంతకుముందు స్విచ్ పెట్టిన అర మీద దుమ్ము తుడుస్తుంటే ఒక వైరు కొన వేలాడుతూ కనిపించింది. ఊడిపోయిందనుకుని స్విచ్‌లో ఖాళీగా ఉన్న రంధ్రంలోకి నొక్కి, మేడ మీదకు వెళ్లిపోయాడు.

మీటింగు తెరుచుకోలేదు. ఫోన్‌లో వైఫై గుర్తు ఉంది కానీ ఏ పేజీ కదలడం లేదు. కింది నుంచి తండ్రి వెంకట్రాం, టీవీ ఆగిందని కేకేశాడు. రంజిత్ దిగి వచ్చి రౌటర్ ఆపి మళ్లీ వేశాడు. ఫలితం లేదు. స్విచ్ వైపు తిరిగి కూడా చూడలేదు. తప్పు లైనుదేనని అప్పటికే తీర్మానించుకున్నాడు.

నెట్ కనెక్షన్ల పని చూసే బాల్‌సింగ్‌కు ఫోన్ చేశాడు. బాల్‌సింగ్ గూడూరు దగ్గరి తండా మనిషి, రంజిత్ కంటే పదేళ్లు పెద్ద.

"సార్, మా అవ్వను మానుకోట దవాఖానకు తెచ్చిన. చీటీ తీసుకున్నం. మధ్యాహ్నం దాటినంక వస్త."

"నీ ముచ్చట్లు నాకెందుకు? పైసలు తీసుకుంటలేరా? పని చేతకాకుంటే బంద్ చేస్కో!"

ఆ కోపంలోనే బాల్‌సింగ్ యజమాని సాయిలుకూ ఫోన్ చేసి, మీ మనిషికి పొగరెక్కిందన్నాడు.

ముప్పావు గంటలో బాల్‌సింగ్ బైకు ఇంటి ముందు ఆగింది. తల్లిని వరుసలో కూర్చోబెట్టి, భార్య గీతకు అప్పగించి వచ్చాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుంది. వచ్చీరాగానే రౌటర్ నుంచి స్విచ్‌కు పోయే వైరు పీకాడు. మరుక్షణం రంజిత్ ఫోన్‌లో పేజీ తెరుచుకుంది.

"లైన్ మంచిగనే ఉంది సార్," అంటూ వైరు మళ్లీ పెట్టాడు. పేజీ మళ్లీ బిగుసుకుపోయింది. "గా లైట్లు చూడుండ్రి."

స్విచ్ లైట్లన్నీ ఒకేసారి, ఆగకుండా, పిచ్చెక్కినట్టు కొట్టుకుంటున్నాయి. బాల్‌సింగ్ మిగతా వైర్లు ఒక్కొక్కటే తీయసాగాడు. నాలుగోది తీయగానే లైట్లు నెమ్మదించాయి. ఆ వైరును చేతుల్లోకి లాక్కుంటూ అర వెనక్కి పోయాడు. అది ఎటూ పోలేదు. చుట్ట తిరిగి మళ్లీ అదే స్విచ్‌కు వచ్చింది.

రంజిత్‌కు అప్పుడు గుర్తొచ్చింది. అది పాత కంప్యూటర్ వైరు. కంప్యూటర్ తీసేసినా స్విచ్ వైపు కొన అలాగే వదిలేశాడు. పొద్దున తను పెట్టింది దాని రెండో కొన.

"రెండు కొసలు గిండ్లనే ఉన్నయి సార్. అన్ని వైర్లకూ పొమ్మని ఒక్క సందేశం వచ్చినా చాలు, ఈ వైరుల పడి తిరుగుతనే ఉంటది. అన్ని దిక్కులా అదే నిండుతది. ఇంక వేరేదానికి జాగా ఉండదు," అన్నాడు బాల్‌సింగ్ మెల్లగా.

రంజిత్ చెవులు వేడెక్కాయి. కాలేజీలో చదివిన పాఠమే ఇది.

వెంకట్రాం లోపలి నుంచి వచ్చాడు. "ఏమైందిరా?"

రంజిత్ నోరు తెరిచేలోపే బాల్‌సింగ్ అన్నాడు, "ఏం లేదు బాపు. వైరు జర లూజైంది."

రంజిత్ ఊరుకున్నాడు. నీళ్లు తాగి పొమ్మని కూడా అనలేకపోయాడు. బైకు మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడ్డాడు.

"గట్టిగ తిట్టినవ్ కాబట్టే ఉరికొచ్చిండు. గిట్లనే ఉండాలె," అన్నాడు వెంకట్రాం మెచ్చుకోలుగా.

ఆ మెప్పు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. "తప్పు ఆయనది కాదు నాయినా. నేనే వైరు తప్పు పెట్టిన. తల్లిని దవాఖానల ఇడిసిపెట్టి వచ్చిండు. నువ్వు అడిగితే నా మీదికి రానియ్యలే. నేను మూగోని లెక్క నిలబడ్డ."

వెంకట్రాం కొడుకు ముఖం చూసి కుర్చీలో కూర్చున్నాడు.

సాయిలుకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాడు రంజిత్. "నీ మాట నమ్మి ఆయన్ని నానా మాటలన్న కదయ్యా," అన్నాడు సాయిలు.

సాయంత్రం బాల్‌సింగ్‌కు చేశాడు. వేలు రెండుసార్లు నంబరు మీద ఆగింది.

"అన్నా, అవ్వకు ఎట్లుంది?"

"నేను పోయేసరికి డాక్టర్ వెళ్లిపోయిండు సార్. గీతకు డాక్టర్‌ను ఏమడగాల్నో తెల్వలే. రేపు మళ్ల పోవాలె."

"తప్పు నాదే అన్నా. సాయిలన్నకూ, మా నాయినకూ చెప్పిన. రేపు నేను కార్ల తీస్కపోత."

ఫోన్‌లో అవతలి నుంచి ముసలామె దగ్గు వినిపించింది.

"వద్దు సార్. ఆటో మాట్లాడిన," అన్నాడు బాల్‌సింగ్. కోపం లేదు, దగ్గరితనమూ లేదు. "ఫోన్ చేసిండ్రు, మంచిది."

ఫోన్ పెట్టేశాక రంజిత్ పొద్దున మీటింగుకు రాలేకపోయినందుకు మేనేజరుకు సందేశం రాయబోయాడు. 'లైన్ సమస్య వల్ల' అని మొదలుపెట్టి, చెరిపేసి, 'నా తప్పు వల్ల' అని రాశాడు.