రెండు నిమిషాల్లో పట్టని మనిషి

మాట కుదించడంలో నన్ను మించినవాడు ఈ భూమ్మీద పుట్టలేదు. మా కోడలు పెట్టుబడిదారు ముందు రెండు నిమిషాలు మాట్లాడిందంటే, ఆ మాటలు చెక్కిన ఉలి నాదే.

ఆకుకూరల బండ్లకు చల్లపెట్టెలు మావాళ్ళ వ్యాపారం. కరెంటు అక్కర్లేదు. రెండు గోడల మధ్య తడి పొర ఆరుతుంటే లోపల చల్లబడుతుంది. మా అబ్బాయి చేసేవాడు, కోడలు బండ్లకు ఇచ్చేది. పోయిన ఎండాకాలం వాడు గుండె ఆగి పోయాడు. ఈ పెట్టుబడి రాకపోతే పెట్టెలు చేసే షెడ్డు మూసెయ్యాలి.

“వాడు ఊళ్ళో లేడని చెప్పెయ్ తల్లీ,” అన్నాను, పెట్టుబడిదారు ఆఫీసుకు వెళ్ళే లిఫ్టులో.

“ఎప్పుడొస్తాడని అడిగితే, మావయ్యా?”

నేను లిఫ్టు మీట ఇంకోసారి నొక్కాను.

గాజు గదిలో పెట్టుబడిదారు పెన్ను మూత తీసి కూర్చున్నాడు. నేను నమూనా పెట్టె బల్లమీద దించి, ఫోన్లో గడియారం పట్టుకున్నాను. కోడలు మొదలుపెట్టింది.

“సార్, పొద్దున కొన్న ఆకుకూర మధ్యాహ్నానికి వడలిపోతుంది. బండివాళ్ళు నాలుగో వంతు పారేస్తున్నారు. మా పెట్టెలో రాత్రిదాకా నిలుస్తుంది. నలభై పెట్టెలు అద్దెకిచ్చాం, ఇద్దరే వెనక్కిచ్చారు. పెట్టెకు అయిదు వేలు ఖర్చు, నెలకు అయిదొందలు అద్దె. ఇరవై లక్షలు కావాలి, పదో వంతు వాటా ఇస్తాం. ఆ డబ్బులో సగం రెండొందల కొత్త పెట్టెలకి, సగం ఏడాదిన్నర జీతాలకీ షెడ్డుకీ. మేమిద్దరం...”

అక్కడ ఆగిపోయింది.

“ఇద్దరంటే?”

“మా ఆయన సార్. పెట్టెలు ఆయనే చేసేవారు. పోయారు.”

“మరి ఇప్పుడెవరు చేస్తున్నారు?”

నేను గట్టిగా దగ్గాను. ఆమె నావైపు చూడలేదు.

“నేనే నేర్చుకుంటున్నాను. లోపలి అతుకు ఇంకా చేతికి రాలేదు. నేను చేసినవాటిలో సగం కారుతున్నాయి. నీళ్ళు దిగితే కూర కుళ్ళిపోతుంది.”

“నిజం చెప్పావమ్మా. కానీ నేను రెండొందల పెట్టెలకు డబ్బిస్తే వంద కారతాయి. కారని పెట్టె చెయ్యడం నీకో, నీ పనివాళ్ళకో వచ్చాక రా. అప్పుడు చూద్దాం.”

“అందాకా షెడ్డు ఉండదు సార్.”

అతను కళ్ళు తుడుచుకున్నాడు. డబ్బు మాత్రం ఇవ్వలేదు.

కిందికి దిగుతుంటే అడిగింది, “ఎంతసేపు మాట్లాడాను మావయ్యా?”

చూస్తే గడియారం అసలు నడవనేలేదు. “నొక్కడం మర్చిపోయానమ్మా.”

“మీకిచ్చిన పని అదొక్కటే కదా!” అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ పెట్టెమీద తల ఆనించింది.

ఉలీ లేదు, గిలీ లేదు. ఆ మాటలన్నీ మావాడివే. షెడ్డులో పచార్లు చేస్తూ వాడు కూర్చినవి. ‘మేమిద్దరం’ దాకా ఆమె వాడి గొంతుతోనే వెళ్ళింది. ఆ తర్వాతవి మాత్రం ఆమెవి.

షెడ్డు ఖాళీ చేశాం. ఇప్పుడు వంటింటి గట్టుమీద అతుకులేస్తోంది. నేను నీళ్ళు పోసి, కింద వేలు పెట్టి చూస్తాను. తడి తగిలితే మళ్ళీ విప్పుతుంది.

అన్నట్టు, ఇందులో ఇంకొక్కటి కూడా నా కల్పన. పెట్టుబడిదారు కళ్ళు తుడుచుకోలేదు, పెన్నుకు మూత పెట్టుకున్నాడంతే. మావాడికోసం ఆ గదిలో ఒక్కరైనా ఏడిస్తే బాగుండనిపించి కలిపాను.