నేల తడిసినా కర్ర జారదు

నోరు విప్పని పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టింది మేనత్తే. చిన్నప్పుడు వెక్కిరింపుగా పెట్టిన పేరు పెద్దయ్యేసరికి ముద్దుపేరై కూర్చుంది. ఊతకర్రలు చేసే కంపెనీలో ప్రకటనల మాటలు రాసే పని దొరికినప్పుడు మేనత్త వీధంతా చెప్పుకుంది. "మా పిచ్చుక మాట్లాడదు. అన్నీ దాచుకుని ఒకేసారి రాస్తుంది."

ఆ పని ఇంకా గట్టిపడలేదు. నెలాఖరుకి ప్రొబేషన్ గడువు అయిపోతుంది. యజమాని ఒక మాట అన్నాడు. "నీ మాట మా డబ్బా మీదకి ఎక్కిందంటే నువ్వు మా జీతాల పట్టీలోకి ఎక్కినట్టే." ఆ డబ్బా మీదకి ఏ మాట ఎక్కాలో తేల్చేది ఈ రోజే.

పొద్దుటి నుంచీ ముసురు పట్టింది. గుమ్మంలో తడి, గోడల్లో తడి, ఆరేసిన బట్టల్లో తడి. మేనత్త కుడిచేతి మణికట్టుకి పిండికట్టు ఉంది. వరండాలో పడి పది రోజులు దాటింది. జడ వేసుకోలేదు కాబట్టి పిచ్చుకే వెనక కూర్చుని వేస్తోంది.

"ఇంతకీ నువ్వేం రాశావో నాకు చెప్పకూడదా? నేనేమన్నా పరాయిదాన్నా?"

"నేల తడిసినా కర్ర జారదు." పిచ్చుక సిగ్గుపడుతూ చెప్పింది.

మేనత్త భుజాలు ఊగేలా నవ్వింది. "జారదా? మరి ఆవేళ వరండాలో నేనేం చేశానే, డాన్సా?"

జడపాయలు పిచ్చుక చేతుల్లోనే ఆగిపోయాయి.

"కాలు మెలికపడిందన్నావు కదత్తా."

మేనత్త నవ్వు ఆగిపోయింది. అనుకోకుండా నోట్లోంచి వచ్చేసిన మాటని ఎలా వెనక్కి లాక్కోవాలో తెలియనట్టు కిటికీలోంచి వాన చూసింది.

"మీ కంపెనీ కర్ర జారిందని చెప్పి నీ పొట్ట కొట్టమంటావా? పైగా నువ్వే తెచ్చిచ్చిన కర్ర. ఎలా చెబుతానే?"

పిచ్చుక లేచి మూలనున్న కర్రని తలకిందులు చేసి చూసింది. అడుగున తొడిగే రబ్బరు బుష్ మీద గీతలు గీతలుగా గాడులు ఉండాలి. నీళ్ళు ఆ గాడుల్లోంచి పక్కకి పోతాయి కాబట్టే కర్ర నేలని పట్టుకుంటుంది. వేరే కంపెనీల కర్రలకి లేనిది అదే. ఇప్పుడక్కడ ఒక్క గీత కూడా లేదు. వాగులో రాయిలా నున్నగా ఉంది. మేనత్త బరువు వేసే వైపు అరిగి లోపలి కర్ర కూడా కనిపిస్తోంది. కొని ఏడాది కూడా కాలేదు.

"ఆ అరిగినదాన్ని పట్టుకెళ్ళి కొత్తది అడిగి పట్రా. అంతే. అక్కడ ఇంకో మాట మాట్లాడకు. నీకెలాగూ అలవాటేగా" అంది మేనత్త. నవ్వించడానికే అంది. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

*

ఆఫీసు గది వర్క్‌షాపు పైన ఉంది. కింద రంపం మోత, రబ్బరు కాలిన వాసన మెట్లెక్కి వస్తాయి. బల్ల చుట్టూ యజమాని, ఆయన అల్లుడుగారు, సూపర్‌వైజరు, జల్లెడాయన కూర్చున్నారు. జల్లెడాయన అంటే ప్రకటనల విభాగానికి పెద్ద. ఏ మాటనైనా జల్లెడ పట్టి గానీ వదలడని ఆ పేరు. ఆయన తయారుచేసిన ప్రశ్నల కాగితం ఒకటుంది. మాట రాసినవాళ్ళు తమ మాటకి తాము మార్కులు వేసుకోకూడదు. అడిగితే తప్ప వెనకేసుకురాకూడదు కూడా. "డబ్బా పక్కన నువ్వు నిలబడి కొన్నవాళ్ళందరికీ అర్థం చెబుతావా? చెప్పవు కదా. ఇక్కడా చెప్పకు" అంటాడాయన. పిచ్చుకకి ఆ నియమం ప్రాణానికి హాయి. ఇవాళ్టి దాకా.

మొదట అల్లుడుగారి మాట. "అడుగడుగునా మీ తోడు."

"అర్థమవుతుందా అన్నది మొదటి ప్రశ్న" అన్నాడు జల్లెడాయన. "ఎదురు మందుల షాపావిడకి ఒక్కసారి చూపించి కాగితం తీసేశాను. ఏం అమ్ముతున్నామో చెప్పమన్నాను. 'చెప్పులా?' అంది."

సూపర్‌వైజరు గడ్డం రుద్దుకుంటూ నవ్వు దాచుకున్నాడు.

"మనకే చెందిన మాటా అన్నది రెండోది. మన పేరు మూసేసి వేరేవాళ్ళ పేరు పెట్టి చదివాను. ట్యూషన్ సెంటరుకి సరిపోయింది. బ్యాంకుకి సరిపోయింది. పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళకైతే ఇంకా బాగా సరిపోయింది." అలమారలో వరసగా పేర్చిన పోటీ కంపెనీల డబ్బాలు చూపించాడు. "ఈ మూడింటి మీదా తోడు ఉంది. మనది నాలుగో తోడు."

"మంచి మాటండీ. మంచి మాట నలుగురూ అంటారు" అన్నాడు అల్లుడుగారు, ముఖం మాడ్చుకుని.

తర్వాత పిచ్చుక మాట. మందుల షాపావిడ తడుముకోకుండా చెప్పిందట. "ఊతకర్ర. నీళ్ళలో జారదట. మా నాన్నకి కావాలి, ఎక్కడ దొరుకుతుంది?" రెండో ప్రశ్నకీ ఎదురులేదు. గాడుల బుష్ మనకొక్కళ్ళకే ఉంది కాబట్టి ఈ మాట పక్కవాడి డబ్బా మీద పెడితే వాడికి వదులవుతుంది. జల్లెడాయన రెండుచోట్లా టిక్కు పెట్టాడు. యజమాని పిచ్చుక వైపు చూసి తల ఊపాడు. ఎవరైనా తల ఊపితే ఎటు చూడాలో పిచ్చుకకి ఎప్పుడూ తెలియదు. సంచీని ఒళ్ళోకి లాక్కుంది. లోపల అరిగిన బుష్ గట్టిగా తగిలింది.

"మూడోది. నిలబెట్టుకోగలమా? రుజువు ఎవరి దగ్గరుంది?"

సూపర్‌వైజరు పరీక్ష కాగితం జరిపాడు. తడిపిన పలకల మీద, ఏటవాలుగా పెట్టి, బరువు వేసి చూశారు. జారలేదు. బయటి ల్యాబువాళ్ళ సంతకం ఉంది.

"మేలు" అన్నాడు జల్లెడాయన. "ఇక ఎప్పుడూ అడిగే చివరి ప్రశ్న. ఈ మాట అబద్ధమయ్యే రోజు ఏదన్నా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి. రాసినవాళ్ళైనా సరే."

ఆయన కలం టిక్కు పెట్టడానికి వంగింది.

ఊరుకుంటే చాలు. ఊరుకోవడం పిచ్చుకకి ఊపిరి తీసుకున్నంత తేలిక. పుట్టినప్పటి నుంచి చేస్తున్న పనే. మేనత్త కూడా అదే చెప్పింది. కానీ మందుల షాపావిడ 'మా నాన్నకి కావాలి' అందట. ఆ నాన్న ఎలా ఉంటాడో పిచ్చుక ఎరగదు. ఆయన ఇంటి వరండా మాత్రం తడిగా, తళతళలాడుతూ కళ్ళ ముందు కనిపించింది.

"ఉంది సార్" అంది. సంచీలోంచి బుష్ తీసి బల్ల మీద పెట్టింది. "మా మేనత్తది. ఏడాది కాలేదు. పడింది. చెయ్యి విరిగింది."

జల్లెడాయన బుష్‌ని వేళ్ళతో తడిమి, సూపర్‌వైజరు ముందుకి జరిపాడు. "పరీక్ష చేసింది కొత్తదాని మీదేనా?"

"కొత్తదేనండీ. అరిగినదాన్ని ఎవరు పరీక్ష చేస్తారు?"

"కొన్నవాళ్ళు రోజూ చేస్తున్నారు" అన్నాడు జల్లెడాయన. "చదివినవాడు 'జారదు' అంటే ఏమనుకుంటాడు? కర్ర ఉన్నంతకాలం జారదనుకుంటాడు. మన రుజువు అంత దూరం నడవదు."

యజమాని కుర్చీలో కదిలాడు. "దానికేముంది? 'కొత్తగా ఉన్నప్పుడు' అని చేర్చండి."

"కొత్తగా ఉన్నప్పుడు, నేల తడిసినా, కర్ర జారదు" అని అల్లుడుగారు పైకి చదివి ఫక్కున నవ్వాడు. "మామయ్యా, ఇది వింటే ఉన్న కర్ర కూడా పారేస్తారు."

"పోనీ కింద చిన్న అక్షరాల్లో" అన్నాడు యజమాని.

"పెద్ద అక్షరాలతో ఇచ్చినదాన్ని చిన్న అక్షరాలతో లాక్కోకూడదు సార్. అది వివరణ కాదు, ఎగవేత" అన్నాడు జల్లెడాయన. "ఒక దారుంది. ఎన్నాళ్ళకి అరుగుతుందో పరీక్ష చేయిద్దాం. అరిగితే తెలిసేలా లోపల ఎర్ర రబ్బరు పొర పెడదాం. బుష్‌లు విడిగా అమ్ముదాం. అప్పుడు ఈ అమ్మాయి మాటకి దగ్గరగా ఒకటి నిలబడుతుంది."

"డబ్బాలు వచ్చే వారం అచ్చుకి వెళ్ళాలి. బుష్‌లు విడిగా దొరికితే కొత్త కర్ర ఎవడు కొంటాడు?" యజమాని అల్లుడుగారి కాగితం ముందుకి లాక్కున్నాడు. "తోడు మీద ఎవడూ కేసు వెయ్యడు. ఇదే ఖాయం."

"వెయ్యడు సార్. అందులో ఏమీ చెప్పలేదు కాబట్టి" అన్నాడు జల్లెడాయన. ఆ కాగితం మీద మొదటి రెండు ప్రశ్నల దగ్గరా ఎర్ర సిరాతో ఇంటూ కొట్టాడు. ఇంటూల కిందే యజమాని సంతకం పెట్టాడు. పెట్టి, పిచ్చుక వైపు చూడకుండా అన్నాడు. "మాట రాయమని పెట్టుకుంటే ఉన్న మాట తీసేసింది. నెలాఖరు దాకా ఉండమనండి."

మెట్ల దగ్గర జల్లెడాయన ఆమె పక్కన ఆగాడు. ఏదో మంచి మాట చెప్పాలనుకున్నట్టున్నాడు. అంత జల్లెడ పట్టే మనిషికి ఏదీ నిలవలేదు కాబోలు, "గొడుగు ఉందా అమ్మాయ్?" అని మాత్రం అడిగాడు.

కింద సూపర్‌వైజరు ఎవరూ చూడకుండా ఒక కొత్త బుష్ ఆమె చేతిలో పెట్టాడు. "మీ మేనత్తగారికి" అన్నాడు. ఆయన కూడా ముఖం చూడలేదు.

*

వీధి దీపాలు వెలిగే వేళకి పిచ్చుక ఇల్లు చేరింది. చెప్పక్కర్లేకుండానే మేనత్తకి అర్థమైపోయింది.

"మాట్లాడావా?"

పిచ్చుక తల ఊపింది.

"ఇన్నేళ్ళూ మాట్లాడవే మాట్లాడవే అని చంపుకుతిన్నాను. ఇవాళే దొరికిందా నీకు?" అంది మేనత్త. "నా మూలానే కదా. ఆ వెధవ నవ్వు నవ్వకపోతే పోయేది."

"నీ మూలాన కాదత్తా."

పిచ్చుక నేల మీద కూర్చుని కర్రకి కొత్త బుష్ తొడిగింది. బిగువుగా ఉంది. చీరకొంగు అడ్డం పెట్టి తిప్పితే గానీ ఎక్కలేదు. మేనత్త ఎడమచేత్తో కర్ర అందుకుని, వద్దంటున్నా వినకుండా వరండాలోకి వెళ్ళింది. చూరు నుంచి కారిన నీళ్ళు అక్కడ మడుగు కట్టాయి. మడుగులో కర్ర ఆనించి బరువంతా వేసింది. పిచ్చుక రెండు చేతులూ చాచి వెనకే నిలబడింది.

కర్ర కదల్లేదు.

"జారట్లేదే!" అంది మేనత్త. చిన్నపిల్లలా ఇంకో అడుగు వేసి మళ్ళీ ఆనించింది. "నిజంగానే జారట్లేదు. నువ్వు రాసింది నిజమేనే, పిచ్చుకా."

"కొత్తది కదత్తా."

మేనత్త కర్ర కొంచెం ఎత్తి బుష్‌కేసి చూసింది.

"ఇది ఎన్నాళ్ళు ఆగుతుందట?"

"తెలీదత్తా" అంది పిచ్చుక. "ఎవరూ చూడలేదు."

చాచిన చేతులు మాత్రం దించలేదు.