జ్వరం లేదని అర్జీ

కోడిగుడ్లు పొదిగే యంత్రాలు బాగుచేసే మేస్త్రికి నోట్లో నాలుక లేదని కాదు. ఉంది గానీ దాన్ని అస్తమానం బయటికి తీయడం అతనికి ఇష్టం ఉండదు. మాట మొదలుపెట్టి సగంలో ఆపేసి, మిగతా సగం ఎదుటివాడే ఊహించుకోవాలన్నట్టు చూస్తాడు. అందుకే తెలిసినవాళ్ళంతా అతన్ని అరమాట మేస్త్రి అంటారు. మిగిలిన అరమాటా, దాని మీద ఇంకో నాలుగు మాటలూ అతని భార్య మాట్లాడుతుంది. ఆమెకు కుట్టుపని. రోజంతా మిషను కింద కాళ్ళూ, మిషను పైన నోరూ ఆడుతూనే ఉంటాయి.

వాళ్ళిద్దరూ ఒక పాత ఇల్లు కొనుక్కోబోతున్నారు. రెండు గదులు, వెనక రేకుల షెడ్డు. షెడ్డులో అతని సామాను, ముందు గదిలో ఆమె మిషను. ఏడాదిగా ఆ ఇంటి చుట్టూ తిరిగి, ఆర్నెల్లుగా బ్యాంకు చుట్టూ తిరిగి, చివరికి లోను మంజూరైంది. కాగితాల మీద సంతకాలకు బుధవారం రమ్మన్నారు. మంజూరు ఉత్తరానికి గడువు శుక్రవారం. అది దాటితే మళ్ళీ పైఆఫీసుకు వెళ్ళి రావాలి, దానికి నెల పడుతుంది. ఇల్లు అమ్మే పెద్దాయన నెలాఖరు దాటి ఒక్కరోజు కూడా ఆగనని చెప్పేశాడు. ఆయన గుమ్మం దగ్గర ఇంకో బేరగాడు కాసుకుని కూర్చున్నాడు.

ఇలా ఉండగా సోమవారం పొద్దున కోడిపిల్లల హేచరీ యజమాని నుంచి ఫోనులో ఒక అరుపు వచ్చి పడింది. మాట కాదు, రికార్డు చేసి పంపిన అరుపు. పిల్లలు బయటికొచ్చే పెట్టెలో ఫ్యాను మోటారు కాలిపోయిందట, వేడి నిలవడం లేదట. పక్క యంత్రంలో ఇరవై వేల గుడ్లు పదహారో రోజులో ఉన్నాయట. పద్దెనిమిదో రోజున, అంటే బుధవారం, వాటిని ఈ పెట్టెలోకి మార్చాలి. ఆ పాతకాలం యంత్రం లోపల ఏ తీగ ఎక్కడికి పోతుందో అరమాట మేస్త్రికి తప్ప దాన్ని చేసినవాడికి కూడా ఇప్పుడు గుర్తులేదు. సాయంత్రం అయిదింటి బస్సు ఎక్కితే మర్నాడు పొద్దునకు చేరతాడు. శుక్రవారం తెల్లవారేసరికి తిరిగి రాగలడు.

మేస్త్రి బ్యాంకుకు వెళ్ళాడు. లోన్లు చూసే మేడమ్ సీట్లో లేదు. కౌంటరు గుమాస్తా తలెత్తకుండానే, "సంతకాల తేదీ మార్చుకోవాలంటే కారణం రాసి ఇవ్వాలండీ. అదిగో పెన్ను," అన్నాడు.

దారం కట్టిన పెన్ను పట్టుకుని మేస్త్రి తెల్లకాగితం ముందు నిలబడిపోయాడు. అతనికి జీవితంలో రాయడం వచ్చిన ఉత్తరం ఒక్కటే, బళ్ళో నేర్చుకున్న సెలవు చీటీ. అయిదో తరగతిలో ఒకసారి, మా మేక ఈనుతోంది, నేను దగ్గరుండాలి అని ఉన్నది ఉన్నట్టు రాస్తే మాస్టారు చీటీ చింపి చెవి మెలేసి, "సెలవు చీటీలో మేక ఏమిట్రా? జ్వరం అని రాయి," అన్నాడు. రాశాడు. సెలవు దొరికింది. ఆ రోజు నుంచి కాగితం మీద పనికొచ్చే కారణం జ్వరం ఒక్కటేనని అతని మనసులో సిమెంటు వేసినట్టు నిలిచిపోయింది.

ఇప్పుడు మేక జాగాలో గుడ్లు ఉన్నాయి, అంతే తేడా. చకచకా రాసేశాడు. గుమాస్తా దాని మీద ముద్ర గుద్ది, రిజిస్టరులో నంబరు వేసి, స్కాను మిషనులో పెట్టి ఫైలుకు ఎక్కించేశాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు మేడమ్ దగ్గర్నుంచి ఫోను: "ఇద్దరూ వెంటనే రండి."

వెళ్ళేసరికి మేడమ్ కళ్ళజోడు తుడుచుకుని ఆ కాగితాన్ని మూడోసారి చదువుతోంది. నలభై ఏళ్ళ మనిషి, టేబుల్ మీద కాగితాలన్నీ స్కేలు పెట్టి సర్దినట్టు ఉంచుకునే మనిషి.

"కూర్చోండి. ఇది మీరు రాసిందేనా?"

మేస్త్రి తలూపాడు.

"చదువుతాను వినమ్మా," అని మేడమ్ భార్య వైపు తిరిగింది. "'నేను గత కొన్ని రోజులుగా తీవ్రమైన జ్వరముతో బాధపడుచున్నందున బుధవారము సంతకములకు రాలేకపోవుచున్నాను. కావున దయతో శుక్రవారము వరకు సెలవు మంజూరు చేయ ప్రార్థన. ఇట్లు తమ విధేయుడైన విద్యార్థి.' విద్యార్థి కొట్టేసి పైన ఋణగ్రహీత అని రాశారు."

భార్య నోరు తెరిచింది. అందులోంచి మాట రాకపోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. తర్వాత వచ్చింది.

"జ్వరమేంటండీ? ఎవరికి జ్వరం? పొద్దున్నే రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నారు కదా!"

"అదేనమ్మా నా గోల," అంది మేడమ్. "లోనుకి బీమా ఉందిగా. మీరే కావాలన్నారు. ఆ ఫారం మీద నేను పూర్తి ఆరోగ్యంగా ఉన్నానని ఈయన సంతకం పెట్టాలి. అదే ఫైల్లో తీవ్రమైన జ్వరం, అదీ గత కొన్ని రోజులుగా అని ఈయన చేతి రాత. బీమావాళ్ళు చూస్తే డాక్టరు రిపోర్టు అడుగుతారు, రక్తపరీక్ష అడుగుతారు. అవన్నీ వచ్చేసరికి శుక్రవారం దాటి ఎక్కడికో పోతాం."

"చింపేయండి మేడమ్!"

"నంబరు పడింది. చింపడానికి లేదు."

"అయితే మీరే ముట్టుకుని చూడండి!" భార్య మేస్త్రి తల పట్టుకుని పుచ్చకాయను చూపించినట్టు టేబుల్ మీదికి వంచింది. "చల్లగా లేదా? కుండలో నీళ్ళలా లేదా?"

"నా చెయ్యి థర్మామీటరు కాదమ్మా," అని మేడమ్ కుర్చీ వెనక్కి లాక్కుంది.

పక్క కుర్చీలో పెన్షను పని మీద వచ్చిన ముసలాయన అప్పటికే ఇటు తిరిగి కూర్చున్నాడు. "లోపలి జ్వరం పైకి తెలీదు," అన్నాడు తననెవరూ అడగకుండానే.

"బాబాయ్, మీరు ఊరుకోండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడేలా ఉంది ఇక్కడ," అంది భార్య.

మేడమ్ కొత్త కాగితం మేస్త్రి ముందుకు తోసింది. "మొదటి ఉత్తరం తప్పు అని, అసలు కారణం ఇది అని రాయండి. రుజువు ఏదైనా జతచేయండి. మేనేజరుగారు ఒప్పుకుంటే తేదీ మారుస్తాను. ఉన్నది ఉన్నట్టు రాయండి."

మేస్త్రి చాలాసేపు ఆలోచించాడు. గోడగడియారం మూడు దాటింది. అతను రాసింది మేడమ్ చేతిలోకి తీసుకుంది. ఒక్కటే వాక్యం.

"'జ్వరం లేదు, గుడ్లు ఉన్నాయి.'" మేడమ్ కాగితం తిప్పి వెనక కూడా చూసింది. "ఏమిటండీ ఇది?"

"ఉన్నది ఉన్నట్టు..." అని ఆగాడు మేస్త్రి.

"దీన్ని లోపలికి పట్టుకెళ్తే నాకు జ్వరం వచ్చిందనుకుంటారు. ఏ గుడ్లు? మీ గుడ్లకీ నా కాగితాలకీ ఏంటి సంబంధం? వేరేవాళ్ళు వెళ్ళకూడదా? రెండు రోజులు ఆగకూడదా?"

భార్య చెప్పబోయింది. మేడమ్ చెయ్యి అడ్డంపెట్టింది. "మీరు కాదమ్మా. దస్తూరీ ఆయనది, జ్వరం ఆయనది. ఆయనే చెప్పాలి."

మేస్త్రి చెమట తుడుచుకున్నాడు. మూడుంపావు అయింది. బస్సు అయిదింటికి. శుక్రవారం దాటితే ఇల్లు లేదు, బుధవారం దాటితే గుడ్లు లేవు. అడకత్తెరలో పోకచెక్క అయినా కాసేపు అటూ ఇటూ దొర్లుతుంది, తనకు ఆ వీలు కూడా లేదు.

"ఆగవండి," అన్నాడు.

"ఏమిటి ఆగవు?"

"గుడ్లు. మనం సంతకం పెట్టామా లేదా అని వాటికి అక్కర్లేదండి. పద్దెనిమిది రోజులు ఒక యంత్రంలో ఉంటాయి, గంటకోసారి అటూ ఇటూ ఒరుగుతుంటాయి, తల్లికోడి కాలితో దొర్లించినట్టు. పద్దెనిమిదో రోజుకి పిల్ల లోపల తల తిప్పుకుంటుంది. ఇక దాన్ని కదపకూడదు. వేరే పెట్టెలోకి మార్చాలి. ఆ పెట్టెలో ఫ్యాను తిరగాలి. తిరక్కపోతే పై అరలో ఉడుకుతాయి, కింది అరలో చల్లబడతాయి. రెండు డిగ్రీలు పెరిగితే చాలండి, ముక్కుతో పెంకు పొడిచి, పొడిచి, అక్కడే..."

ఆగాడు. కౌంటరు గుమాస్తా లేచి నిలబడి వింటున్నాడు. టోకెన్లు పట్టుకున్న నలుగురు దగ్గరికి జరిగారు.

"అక్కడే?" అన్నాడు ముసలాయన, కుర్చీ అంచుకు వచ్చి.

"అక్కడే ఉండిపోతాయండి. ఆ చప్పుడు నాకు తెలుసు. చెవి పెడితే వినపడుతుంది. ఇరవై వేలు."

భార్య అతని వైపు, పక్కింటాయన్ని చూసినట్టు చూసింది. పన్నెండేళ్ళ కాపురంలో అతను ఇన్ని వాక్యాలు వరసగా మాట్లాడటం ఆమె వినలేదు.

"రుజువు?" అంది మేడమ్. ఆమె గొంతు కొంచెం మెత్తబడింది.

మేస్త్రి ఫోను తీసి నొక్కాడు. హేచరీ యజమాని గొంతు బ్యాంకంతా మోగింది: "తమ్ముడూ! మోటారు మసైపోయింది తమ్ముడూ! బుధవారానికి నువ్విక్కడ లేకపోతే ఆ గుడ్లన్నీ నీ ఇంటి ముందు దింపుతాను! నువ్వే పొదుగు!"

గాజుగది తలుపు తెరుచుకుని మేనేజరు బయటికొచ్చాడు. "ఎవరిని ఎవరు పొదుగుతున్నారు? ఇది బ్యాంకేనా?"

నవ్వు ఆపుకోలేక గుమాస్తా టేబుల్ కిందికి వంగి లేని పెన్ను వెతుక్కున్నాడు. మేడమ్ మాత్రం నిటారుగా లేచి చెప్పింది: "సంతకాల తేదీ మార్పు సార్. పని మీద ప్రయాణం, తప్పనిసరి. శుక్రవారం పదిన్నరకి పెడితే గడువులోపే అవుతుంది. పాత ఉత్తరం రద్దు చేస్తూ కొత్తది ఇస్తున్నారు, పనికి పిలిచిన కాగితం జతచేస్తున్నారు."

"ఆరోగ్యం?"

"గుండ్రాయిలా ఉన్నారండి," అంది భార్య.

"శుక్రవారం రాకపోతే ఆ మంజూరు మురిగిపోతుంది. నేను చేయగలిగిందేమీ ఉండదు," అని మేనేజరు మేస్త్రి వైపు చూశాడు.

"వస్తానండి," అన్నాడు మేస్త్రి.

మేడమ్ చెబుతుంటే కొత్త ఉత్తరం రాశాడు. హేచరీ నుంచి పనికి పిలుస్తూ ఒక కాగితం ఫోనుకు తెప్పించి ముద్రించారు. మేనేజరు మూలన సంతకం గీశాడు, గుమాస్తా ముద్ర గుద్దాడు. నాలుగూ నలభై. ముసలాయన మేస్త్రి సంచీ అందించి, "పరిగెత్తవయ్యా, పెంకు పొడుస్తుంటాయి!" అని అదిలించాడు.

శుక్రవారం బస్సు ఆలస్యమై, పదీ ఇరవైకి మేస్త్రి దిగి నేరుగా బ్యాంకులో అడుగుపెట్టాడు. భార్య తొమ్మిదిన్నరకే వచ్చి, తలుపులు తీయకముందు నుంచీ మెట్ల మీద కాపలా ఉంది. కళ్ళు లోతుకు పోయినా మనిషి కుదురుగానే ఉన్నాడు. మేడమ్ ఒక్కో కాగితం తిప్పుతూ ఇద్దరిచేతా సంతకాలు పెట్టించింది. బీమా ఫారం వచ్చినప్పుడు మాత్రం చెయ్యి అడ్డంపెట్టింది.

"ఇది చదివి పెట్టండి."

మేస్త్రి వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాడు. ఆరోగ్యంగా ఉన్నానని ఉంది. నిజమే. సంతకం పెట్టాడు.

"గుడ్లు?" అంది మేడమ్, ఫైలు చూస్తూనే.

"మార్చేశానండి. ఇవాళ ఇరవయ్యో రోజు. రేపు..."

మిగతా అరమాట మేడమే ఊహించుకుంది. చివరి కాగితం మూసి, క్యాలెండరు దగ్గరికి లాక్కుంది. "ఇక రిజిస్ట్రేషన్. చెక్కు పట్టుకుని నేనే ఆఫీసుకి వస్తాను, అక్కడే పెద్దాయనకి ఇస్తాం. మంగళవారం పదకొండు గంటలకి. ఆ రోజు మీకు..." అని ఆగి కళ్ళజోడు పైనుంచి చూసింది, "ఎక్కడా పద్దెనిమిదో రోజు కాదు కదా?"

మేస్త్రి వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి అందుకున్నాడు. మేడమ్ పెన్ను గాల్లో ఆగింది. భార్య కూడా అతని వేళ్ళతోపాటు లెక్కపెట్టింది. కౌంటరు అవతల గుమాస్తా ముద్ర గుద్దడం ఆపేశాడు.

"కాదండి," అన్నాడు మేస్త్రి.

మేడమ్ మంగళవారం చుట్టూ సున్నా చుట్టింది.